ఆ నాలుగు శాతం ఎక్కడుంది? వృత్త వైశాల్యం బిట్టుపై ఒక కేస్ స్టడీ

పోటీ పరీక్షలకు అంకగణితం చెప్పే పని నాది. క్షేత్రమితి మొదలుపెట్టిన వారంలో ప్రతి బ్యాచ్‌కీ ఒక స్లిప్ టెస్ట్ పెడతాను. అందులో ఈ బిట్టు తప్పకుండా ఉంటుంది:

ఒక వృత్త వ్యాసార్థం 20 శాతం పెరిగితే, దాని వైశాల్యం ఎంత శాతం పెరుగుతుంది? (1) 20 (2) 40 (3) 44 (4) 144

ఈ నాలుగు ఆప్షన్లలో ఏది పెట్టారో చూస్తే, ఆ పిల్లవాడి తలలో ఏం జరిగిందో చాలావరకు చెప్పొచ్చు. 20 పెట్టినవాళ్లు వ్యాసార్థం ఎంత పెరిగితే వైశాల్యమూ అంతే పెరుగుతుందనుకున్నారు. 144 పెట్టినవాళ్లు లెక్క సరిగ్గానే చేశారు కానీ, పాత వైశాల్యం 100ని అందులోంచి తీసెయ్యడం మరిచారు. వీళ్లకు ఒకసారి చెబితే చాలు, రెండోసారి ఆ తప్పు చెయ్యరు. నన్ను ఆలోచనలో పడేసేవాళ్లు 40 పెట్టినవాళ్లు. వైశాల్యంలో వ్యాసార్థం రెండుసార్లు వస్తుందని వాళ్లకు తెలుసు. అందుకే 20ని రెండుసార్లు కలిపారు. అంటే దారి సగం తెలుసు. సగం తెలిసిన దారిలోనే మనిషి నమ్మకంగా తప్పిపోతాడు, అందుకే ఈ తప్పు త్వరగా పోదు.

ఇక్కడ రాస్తున్నది అలా 40 పెట్టిన ఒక అమ్మాయి గురించి. పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపు, పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకోలేదు. నాన్న తాపీమేస్త్రీ. ఈ చివరి సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే మొదటి రోజే పని అయిపోయేది.

మొదటిసారి నేను అందరూ చేసేదే చేశాను. సూత్రం ఇచ్చాను. వ్యాసార్థం x శాతం పెరిగితే వైశాల్యం 2x + x²/100 శాతం పెరుగుతుంది. x స్థానంలో 20 పెడితే 40 + 400/100, అంటే 44. రాసుకుంది, ఇంకో రెండు లెక్కలు చేసి చూపించింది, రెండూ సరే. ఆ అధ్యాయం దాటి ముందుకు వెళ్లిపోయాం.

పది రోజుల తర్వాత పెట్టిన టెస్టులో అదే అమ్మాయి పేపర్ చూసి ఆగిపోయాను. మూడు బిట్లలో మూడు వింతలు. వ్యాసార్థం 20 శాతం పెరిగితే చుట్టుకొలత ఎంత పెరుగుతుందని అడిగితే 44 అని పెట్టింది. చుట్టుకొలతలో వ్యాసార్థం ఒక్కసారే ఉంటుంది కనుక అది 20 శాతమే పెరుగుతుంది. వ్యాసార్థం 20 శాతం తగ్గితే వైశాల్యం ఎంత తగ్గుతుందంటే మళ్లీ 44. సరైన జవాబు 36. మూడోది సూటి బిట్టే, వ్యాసార్థం 5 శాతం పెరిగితే అని. దానికి 10 పెట్టింది. పక్కనే 10.25 అనే ఆప్షన్ ఉన్నా దాన్ని వదిలేసింది.

ఎందుకు వదిలేశావమ్మా అని అడిగితే తను చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "సార్, ఆ చివర్న కలిపే ముక్క ఏంటో నాకు తెలీదు. ఒక్కోసారి గుర్తొస్తుంది, ఒక్కోసారి రాదు. పాయింట్ చూసి అది తప్పేమో అనుకున్నాను."

సమస్య మొత్తం ఆ మాటలోనే ఉంది. 2x ఎందుకొచ్చిందో తనకు ఒక ఊహ ఉంది. x²/100 మాత్రం ఎక్కడినుంచో వచ్చి అతుక్కున్న ముక్క. దానికి రూపం లేదు, కాబట్టి ఎప్పుడు కలపాలో ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు అసలు ఉండదో చెప్పే ఆధారమూ లేదు.

సూత్రం పక్కన పెట్టి, ముందు "రెండుసార్లు కలిపితే సరిపోతుంది" అన్న నమ్మకాన్ని కదిలించాలనుకున్నాను. 20 శాతం మీద వాదించి లాభం లేదు. 40కి 44కి తేడా తక్కువ, కళ్లకు ఆనదు. పెద్ద అంకె తీసుకుంటే లోపం దానంతటదే బయటపడుతుంది. అడిగాను, "వ్యాసార్థం 50 శాతం తగ్గింది. వైశాల్యం ఎంత తగ్గుతుంది?"

"వంద శాతం" అంది వెంటనే.

"వంద శాతం తగ్గితే ఏం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు సార్."

"వ్యాసార్థం ఎంత మిగిలింది?"

"సగం." అని, కాసేపు కాగితం వంక చూసి, "సగం వ్యాసార్థం ఉంటే వృత్తం ఉండాలి కదా సార్" అంది.

ఈ ఒక్క ప్రశ్న ఇంతవరకు నా దగ్గర ఎప్పుడూ వమ్ము కాలేదు. రెట్టింపు చేసే పద్ధతి తప్పని మనం చెప్పక్కర్లేదు, వృత్తం మాయమైపోవడం చూసి వాళ్లే చెబుతారు. వ్యాసార్థం 10 అనుకుంటే సగం 5. 10 వర్గం 100, 5 వర్గం 25. మిగిలింది 25 శాతం, తగ్గింది 75. తను 100 అన్న చోట నిజం 75. మరి ఆ 25 తేడా ఎక్కడిది? చెప్పడానికి బోర్డు మీద రెండు వృత్తాలు గీసి, మధ్యలోని వలయాన్ని చూపించాను. లోపలి అంచు పొట్టిది, బయటి అంచు పొడుగు, వలయాన్ని కత్తిరించి సాగదీస్తే ఒక పక్క చాలకుండా పోతుంది అని చెబుతున్నాను.

అప్పుడు తను నన్ను ఆపింది. "సార్, మా నాన్న బావి ఒర కట్టేటప్పుడు ఇటుకల మధ్య ఇలాగే అవుతుంది. లోపలివైపు ఇటుకలు తగులుకుంటాయి, బయటివైపు విచ్చుకుంటాయి. ఆ సందుల్లో మాలు ఎక్కువ పడుతుందని నాన్న అంటుంటాడు."

నేను చాక్‌పీసు కింద పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఆ ముక్కను చూపించడానికి నేను గీసిన బొమ్మలన్నిటికంటే ఇది మంచి బొమ్మ. మేస్త్రీ చేతి కింద ఉన్న సందే x²/100. ఆ రోజు మిగతా క్లాసంతా ఆ బావి మీదే నడిచింది.

గుండ్రటి బావికి ఒర కట్టేటప్పుడు ఇటుకను పొడవుగా కాకుండా, దాని తల బావిలోకి చూసేట్టు పేరుస్తారు. 9 అంగుళాల పొడవు గోడ మందంలోకి వెళ్తుంది, నాలుగున్నర అంగుళాల తల లోపలికి కనిపిస్తుంది. బావి లోపలి వ్యాసార్థం 45 అంగుళాలు అనుకుందాం. అంటే అడ్డంగా ఏడున్నర అడుగుల బావి. 9 అంగుళాల గోడ కడితే బయటి వ్యాసార్థం 54 అంగుళాలు. 45లో 9 అంటే సరిగ్గా 20 శాతం. మన బిట్టు ఇదే. బావి నోటి వైశాల్యం కంటే గోడతో కలిపిన మొత్తం వైశాల్యం ఎంత శాతం ఎక్కువ?

ఒక వరుస ఇటుకలు పేరుద్దాం. లోపలి చుట్టుకొలత 2 × 3.1416 × 45, సుమారు 282.7 అంగుళాలు. నాలుగున్నర అంగుళాల తలలు ఒకదాన్నొకటి తగిలేట్టు పెడితే దాదాపు 63 ఇటుకలు పడతాయి. లోపలి అంచున సందు లేదనుకుందాం. నిజం పనిలో అక్కడా పలచగా మాలు ఉంటుంది. కానీ అది అన్ని చోట్లా సమానంగా ఉండేది కాబట్టి ఇప్పటికి దాన్ని వదిలేస్తున్నాను.

ఇప్పుడు ఇటుకలు మాత్రమే ఆక్రమించిన చోటు ఎంత? 282.7 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. రెండూ గుణిస్తే సుమారు 2,545 చదరపు అంగుళాలు. బావి నోటి వైశాల్యం 3.1416 × 45 × 45, సుమారు 6,362. 2,545ను 6,362తో భాగిస్తే 0.40 వస్తుంది. 40 శాతం. తను పెట్టిన 40 ఊరికే పుట్టిన అంకె కాదు. అది గోడలో ఇటుకల వాటా. ఈ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది. ఇన్ని రోజులు తప్పు అనిపించుకున్న అంకెకు ఒక చోటు దొరికింది.

ఇక సందులు. బయటి చుట్టుకొలత 2 × 3.1416 × 54, సుమారు 339.3 అంగుళాలు. ఇటుకల బయటి తలలు కప్పేది 282.7 మాత్రమే. మిగిలిన 56.6 అంగుళాలు ఖాళీ. అది 63 సందుల్లోకి పంచుకుంటే ఒక్కో సందు బయటి అంచున 0.9 అంగుళం, లోపలి అంచున సున్నా. అంటే ప్రతి సందూ ఒక సన్నటి త్రిభుజం. 9 అంగుళాల పొడవు, చివర 0.9 అంగుళం వెడల్పు. ఒక్కదాని వైశాల్యం 4 చదరపు అంగుళాల పైచిలుకు. 63 కలిపితే సుమారు 254. దాన్ని 6,362తో భాగిస్తే 0.04.

అదీ ఆ 4 శాతం. ఇటుకలు 40, సందుల్లో మాలు 4, గోడ మొత్తం 44.

ఇక్కడితో ఆపినా సరిపోయేది. కానీ ఇంకో అడుగు వేస్తే ఆ ముక్కకు పేరు కూడా దొరుకుతుంది. ఈ సందులన్నీ పైన వెడల్పుగా, కొసన మొనదేలి ఉన్నాయి. వాటిని గోడలోంచి ఊడబెరికి మొనలన్నీ ఒక్క చోటికి తెచ్చి పక్కపక్కన పేర్చామనుకోండి. ఎలా కనిపిస్తాయో చెప్పమంటే వెనక బెంచీ అబ్బాయి "పిజ్జా ముక్కల్లా ఉంటాయి" అన్నాడు. అవును, ఒక చక్రం తయారవుతుంది. బావి చుట్టూ ఒక్కసారి తిరిగొచ్చేసరికి ఇటుక ముఖం పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడంతా ఈ సందుల్లోనే జరుగుతుంది, ఎందుకంటే ఇటుక తనంతట తాను వంగదు. కాబట్టి సందుల కోణాలన్నీ కలిపితే 360 డిగ్రీలు. ఒక్కో సందు పొడవు 9 అంగుళాలు. కలిపితే 9 అంగుళాల వ్యాసార్థం ఉన్న పూర్తి వృత్తం. లెక్క చూసినా అంతే, 3.1416 × 9 × 9 అంటే సుమారు 254.

వ్యాసార్థం ఎంత పెరిగిందో, అంత వ్యాసార్థంతో ఒక చిన్న వృత్తం. x²/100 అంటే అదే. బావి వ్యాసార్థంలో 20 శాతం వ్యాసార్థం ఉన్న చిన్న వృత్తం వైశాల్యం బావి నోటి వైశాల్యంలో 4 శాతమే కదా, 20లో 20 శాతం.

దీన్ని చేతిలో పెట్టి చూపడానికి మర్నాడు అట్టముక్కలు తెచ్చాను. 20 శాతంతో చేస్తే ముక్కలు మరీ చిన్నవవుతాయి, అందుకని 50 శాతం తీసుకున్నాను. ఎవరైనా క్లాసులో చెయ్యాలనుకుంటే కొలతలు ఇవి. 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, దాన్ని 12 సమాన భాగాలు చేసి, పక్కపక్క బిందువులు గీతలతో కలపాలి. ఒక్కో గీత సుమారు 5.2 సెంటీమీటర్లు వస్తుంది. 5.2 పొడవు, 5 వెడల్పు ఉన్న అట్టలు 12 కత్తిరించి, ఒక్కో గీత మీద ఒక్కోటి బయటికి పెట్టాలి. ఇవి ఇటుకలు. ఇప్పుడు వేరే రంగు అట్ట మీద 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, 12 సమాన ముక్కలుగా కోయాలి. ఆ ముక్కలు ఇటుకల మధ్య సందుల్లో సరిగ్గా కూర్చుంటాయి. ఒక్కటీ మిగలదు, ఒక్కటీ తక్కువ పడదు. బయటి అంచు పూర్తి వృత్తంలా ఉండదు, ఇటుకలున్న చోట కొంచెం చదునుగా కనిపిస్తుంది. లోపల కూడా గీతకీ వృత్తానికీ మధ్య సన్నటి చీలిక ఉంటుంది. 12 బదులు 24 భాగాలు చేస్తే ఆ చదును తగ్గుతుంది, కానీ ముక్కలు కోసేసరికి క్లాసు అయిపోతుంది. 12 చాలు.

50 శాతానికి ఇటుకల వాటా 100, చిన్న వృత్తం వాటా 25, మొత్తం 125. రంగు ముక్కల్ని సందుల్లోంచి తీసి పక్కన వృత్తంగా పేర్చి, ఇది 10 సెంటీమీటర్ల వృత్తంలో ఎంత భాగం అని అడిగితే, వ్యాసార్థం సగం కాబట్టి నాలుగో వంతు అని ఈసారి క్లాసు మొత్తం చెప్పింది.

బావి బొమ్మ వల్ల దొరికిన లాభాల్లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. 5 శాతం బిట్టులో తను 10 పెట్టడం ఎందుకు దాదాపు సరైనట్టు అనిపిస్తుందో అది చెబుతుంది. బావి వ్యాసార్థం 45 బదులు 90 అంగుళాలు అనుకోండి. అదే 9 అంగుళాల గోడ. ఇప్పుడు పెరుగుదల 10 శాతం. ఇటుకలు రెట్టింపు పడతాయి, ఒక్కో సందు సగానికి సగం సన్నబడుతుంది. సందుల మొత్తం మాత్రం మారదు, మళ్లీ అదే 9 అంగుళాల వృత్తం. ఎంత పెద్ద బావి అయినా సరే, 9 అంగుళాల ఒరలో సందుల మొత్తం అదే. మారేది దాని వాటా. చిన్న బావిలో 4 శాతమైన ఆ చిన్న వృత్తం పెద్ద బావిలో 1 శాతం. అందుకే 10 శాతం పెరుగుదలకు 21, 5 శాతానికి 10.25, 1 శాతానికి 2.01. పెరుగుదల చిన్నదయ్యేకొద్దీ రెట్టింపు చేసే పద్ధతి నిజానికి దగ్గరవుతుంది. వ్యాసార్థం కొలవడంలో 1 శాతం పొరపాటు జరిగితే వైశాల్యంలో సుమారు 2 శాతం పొరపాటు వస్తుందని మామూలుగా అనేస్తాం, అక్కడ ఆ 0.01ని ఎవరూ పట్టించుకోరు. పరీక్షలో మాత్రం 10, 10.25 రెండూ పక్కపక్కన పెడతారు. పాయింటు ఉన్న ఆప్షన్ చూసి భయపడవద్దు, 5 శాతం బిట్టులో పాయింటే సరైన జవాబుకు గుర్తు.

తగ్గినప్పుడు ఎందుకు 36? ఇది కూడా తనే చెప్పింది, నేను అడిగింది ఒక్కటే: "ఇటుకల్ని వృత్తం లోపలివైపుకు పెడితే ఏమవుతుంది?" 45 అంగుళాల వృత్తానికి లోపలివైపు, బయటి తలలు తగిలేట్టు 9 అంగుళాల ఇటుకలు పేరిస్తే లోపలి తలలకు చోటు చాలదు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. "చెక్కాలి సార్" అంది. ఆ చెక్కిన చెక్కులన్నీ కలిపితే మళ్లీ అదే 9 అంగుళాల వృత్తం. ఇటుకల లెక్క 40, అందులో రెండుసార్లు లెక్కపడిన 4 తీసేస్తే 36. పెరిగేటప్పుడు సందు, తగ్గేటప్పుడు చెక్కు. పెరిగితే కలపాలి, తగ్గితే తియ్యాలి. 50 శాతం తగ్గిన బిట్టులో 100లోంచి 25 పోయి 75 రావడమూ ఇదే. గుర్తు మర్చిపోయి 44 పెట్టే తప్పు ఆ తర్వాత తన పేపర్లో నాకు కనిపించలేదు. చుట్టుకొలత బిట్టూ అలాగే సర్దుకుంది, బయటి అంచున పెరిగిన 56.6 అంగుళాలు 282.7లో 20 శాతమే కదా.

అర్థమయ్యాక ఇక వేగం సంగతి. పరీక్షలో ఇటుకలు పేర్చుకుంటూ కూర్చోలేం. ఇక్కడ తన రఫ్ పేజీలో ఇంకో సంగతి చూశాను. వృత్తం అనగానే వ్యాసార్థం 7 అనుకుంటోంది, 22/7 కొట్టేయొచ్చు కదా అని. 7 వర్గం 49, 22/7తో గుణిస్తే 154. 20 శాతం పెరిగితే 8.4, దాని వర్గం 70.56, 22/7తో గుణిస్తే 221.76. తేడా 67.76, దాన్ని 154తో భాగించి 100తో గుణిస్తే 44. జవాబు సరైనదే, కానీ మూడు నిమిషాలు పోయాయి. శాతం అడిగినప్పుడు π పైనా ఉంటుంది, కిందా ఉంటుంది, కొట్టుకుపోతుంది. దాన్ని మోసుకు తిరగక్కర్లేదు. వ్యాసార్థం 10 అనుకుంటే చాలు. 10 వర్గం 100, అంటే పాత వైశాల్యమే నూరు. కొత్త వ్యాసార్థం వర్గం చేసి 100 తీసేస్తే జవాబు. 20 శాతానికి 12, వర్గం 144, జవాబు 44. 30 శాతానికి 13, 169, జవాబు 69. 25 శాతానికి 12.5, 156.25, జవాబు 56.25. 20 శాతం తగ్గితే 8, 64, జవాబు 36 తగ్గుదల. 11 నుంచి 20 దాకా వర్గాలు నోటికి వస్తే ఈ బిట్టుకు పది సెకన్లు చాలు. ముందు పెరిగి తర్వాత తగ్గిన రకం కూడా ఇదే దారిలో పోతుంది. 20 శాతం పెరిగి 20 శాతం తగ్గితే వ్యాసార్థం 10 నుంచి 12, 12 నుంచి 9.6. వర్గం 92.16, అంటే వైశాల్యం 7.84 శాతం తగ్గింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇదంతా పెరుగుదల శాతంలో ఇచ్చినప్పుడే. "వ్యాసార్థం 2 సెంటీమీటర్లు పెరిగితే" అని ఇస్తే, అసలు వ్యాసార్థం ఎంతో తెలియకుండా 10 అనుకోకూడదు. తొందరలో ఈ రెంటినీ కలిపేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

తెలుగు మీడియం పేపర్లో ఇంకో మెలిక ఉంది, అది లెక్కది కాదు, విభక్తిది. "వ్యాసార్థం 120 శాతానికి పెరిగింది" అంటే 10 కాస్తా 12 అయిందని. "వ్యాసార్థం 120 శాతం పెరిగింది" అంటే 10కి 12 కలిసి 22 అయిందని. మొదటిదానికి వైశాల్యం పెరుగుదల 44 శాతం. రెండోదానికి 22 వర్గం 484లోంచి 100 పోతే 384 శాతం. తేడా అంతా ఒక్క "కి"లో ఉంది. తొందరగా చదివే కళ్లు మొదట వదిలేసేది దాన్నే. "రెట్టింపు అయింది" దగ్గరా ఇంతే. వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, అడిగింది పెరుగుదల కాబట్టి జవాబు 300 శాతం. నాలుగు రెట్లు కదా అని 400 పెట్టేవాళ్లు కోకొల్లలు. "రెట్లు అయింది", "రెట్లు పెరిగింది" అన్న మాటల్ని మనం ఇళ్లల్లో ఒకే అర్థంలో వాడేస్తాం, అందుకని ఇక్కడ తప్పు పడటం సహజం. నేను పిల్లలకు చెప్పేది, బిట్టు చదవగానే పాత వ్యాసార్థం పక్కన 10 అని, కొత్త వ్యాసార్థం ఎంతో అంకె రాయండి, ఆ తర్వాతే వర్గం జోలికి వెళ్లండి అని. ఆ రెండు అంకెలు సరిగ్గా పడితే మిగతాది తప్పు కాదు.

నెల తర్వాత చివరి టెస్టు పెట్టాను. వ్యాసార్థం నుంచి వైశాల్యానికి వెళ్లే బిట్లన్నీ ఆ అమ్మాయి సరిగ్గా చేసింది. వైశాల్యం 21 శాతం పెరిగితే వ్యాసార్థం ఎంత పెరిగిందంటే, 121 దేని వర్గం అని వెనక్కి చూసి 10 అని రాసింది. తప్పిన బిట్టు ఒక్కటే. వైశాల్యం రెట్టింపు కావాలంటే వ్యాసార్థం ఎంత శాతం పెరగాలి? ఆప్షన్లు 25, 41.4, 50, 100. తను 50 పెట్టింది.

పిలిచి, ఎందుకు 50 అన్నావని అడిగాను. "200 ఏ అంకెకూ వర్గం కాదు కదా సార్. వంద శాతం పెరగాలి, రెండుసార్లు కలుస్తుంది కాబట్టి అందులో సగం అనుకున్నాను" అంది. పాత అలవాటు వెనక తలుపు నుంచి వచ్చింది. వెళ్లేటప్పుడు రెట్టింపు చెయ్యడం మానేసింది కానీ, తిరిగొచ్చేటప్పుడు సగం చేసింది.

నేను జవాబు చెప్పలేదు. "50 శాతం మందం గోడ కట్టు, ఇటుకలెంత పడతాయో చెప్పు" అన్నాను.

"ఇటుకలే వంద శాతం సార్" అంది. ఆగింది. "అంటే మాలు వేసేసరికి వంద దాటిపోతుంది. గోడ పలచన చెయ్యాలి."

పెన్ను తీసుకుని 15 వర్గం 225 అని రాసి కొట్టేసింది. 14 వర్గం 196 అని రాసింది. దానికీ 200కీ మధ్య ఉన్న 4ను కాసేపు చూసి, 14 పక్కన ఒక చుక్క పెట్టి, 41.4 ఉన్న ఆప్షన్‌కు సున్నా చుట్టింది.